మన టీమ్‌లోనే తప్పు జరుగుతోందని తెలిస్తే: చెప్పాలా వద్దా, చెబితే ఎలా? ఒక ల్యాబ్ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

పరాయివాళ్లు తప్పు చేస్తే వేలెత్తి చూపడం తేలికే. మనకు పని నేర్పినవాళ్లు, రోజూ పక్కన కూర్చుని భోంచేసేవాళ్లు చేస్తుంటేనే నోరు పెగలదు. చెబితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాళ్లమవుతాం, చెప్పకపోతే ఎవరికో జరిగే నష్టంలో మనకూ వాటా ఉంటుంది. ఈ గైడ్ ఆ ఇరకాటంలో ఉన్నవాళ్ల కోసం. అన్ని రకాల సంస్థల గురించీ తలా ఒక మాట చెప్పే బదులు ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్తాను. మందుల కంపెనీలోని క్వాలిటీ ల్యాబ్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది: అక్కడ తప్పు దశాంశాల్లో కనిపిస్తుంది, చాలా చిన్నదిగా అనిపిస్తుంది, దాని ఫలితం మాత్రం ఎన్నడూ ఆ ల్యాబ్ గడప తొక్కని మనిషి ఒంటి మీద పడుతుంది. మీది ఆస్పత్రి అయినా, బ్యాంకు అయినా, స్వచ్ఛంద సంస్థ అయినా వేయాల్సిన అడుగులు దాదాపు ఇవే.

మన ఉదాహరణ

మీరు ఆ ల్యాబ్‌లో కెమిస్ట్ అనుకోండి. ట్యాబ్లెట్‌లో ఉండాల్సినంత మందు ఉందో లేదో హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం మీద పరీక్షిస్తారు, ఆ పరీక్షను ఎస్సే అంటారు. లేబుల్ మీద రాసిన మోతాదులో 90 నుంచి 110 శాతం మధ్య వస్తే బ్యాచ్ పాస్. మీ సెక్షన్ హెడ్ మంచి మనిషి. ఆ యంత్రం గీసే గ్రాఫ్‌లో పీక్‌ను ఎలా చదవాలో మీ పక్కన నిలబడి నేర్పింది ఆయనే, మీకు ఇంట్లో కష్టం వస్తే మీ షిఫ్టు కూడా తనే చేసి మిమ్మల్ని పంపించింది ఆయనే.

ఒకరోజు ఏదో పాత ఫలితం కోసం వెతుకుతుంటే ట్రయల్ అని పేరు పెట్టిన ఫోల్డర్ ఒకటి తెరుచుకుంది. అందులో ఒక బ్యాచ్ శాంపిల్ ఇంజెక్షన్, అంటే శాంపిల్‌ను యంత్రంలోకి పంపి పరీక్షించిన రికార్డు ఉంది, ఫలితం 88.6. గంటన్నర తర్వాత అదే బ్యాచ్ మళ్లీ అసలు ఫోల్డర్‌లో ఉంది, కొత్తగా తయారు చేసిన శాంపిల్‌తో, ఈసారి 91.4. రిపోర్టులోకి ఎక్కింది 91.4 ఒక్కటే. ఇంకా కిందికి వెళ్తే మరో రెండు బ్యాచ్‌లదీ ఇదే కథ. ఆ రెండింటిలో ఒకదాని రిపోర్టు మీద ‘చెక్డ్ బై’ దగ్గర ఉన్నది మీ సంతకం.

ఇందులో తప్పేమిటో బయటివాళ్లకు చటుక్కున అర్థం కాదు. రెండోసారి పరీక్షించడం తప్పు కాదు. పరిమితి దాటిన ఫలితం రాగానే దాన్ని ఓఓఎస్ అని రికార్డు చేయాలి, ల్యాబ్‌లో పొరపాటేమైనా జరిగిందా అని చూడాలి: తూకం, డైల్యూషన్, పోల్చి చూసే స్టాండర్డ్ ద్రావణం, యంత్రంలోని కాలమ్, అన్నీ. పొరపాటు దొరికితే కారణం రాసి మొదటి ఫలితాన్ని పక్కన పెట్టొచ్చు. దొరక్కపోతే, ముందే రాసి ఉన్న పద్ధతి ప్రకారం ఎన్నిసార్లు చేయాలో అన్నిసార్లే మళ్లీ పరీక్షించాలి, అన్ని ఫలితాలూ చూపించాలి, తయారీ వైపు కూడా ఆరా తీయాలి. పాస్ అయ్యేదాకా పరీక్షించి ఫెయిలైనదాన్ని దాచేయడం కుదరదని 1993లో బార్ ల్యాబొరేటరీస్ కేసులో అమెరికా కోర్టు కూడా తేల్చింది. కారణం సూటిగానే ఉంటుంది: నిజంగా 89 శాతం దగ్గర ఉన్న బ్యాచ్‌ను పదే పదే పరీక్షిస్తే కొలతలోని హెచ్చుతగ్గుల వల్లే ఎప్పుడో ఒకసారి 90 దాటుతుంది. అప్పుడు మీరు మందును కొలుస్తున్నట్టు కాదు, అదృష్టాన్ని కొలుస్తున్నట్టు.

మొదటి అడుగు: ఇది తప్పు కాకపోవడానికి కారణం ఉందేమో గట్టిగా వెతకండి

చాలామంది ఈ అడుగు దాటేసి కంప్లయింట్ రాసేస్తారు, తర్వాత ఒక్క ప్రశ్నకే నీరుగారిపోతారు. మీ అనుమానాన్ని మీరే ఓడించడానికి నిజాయితీగా ప్రయత్నించండి. మన ఉదాహరణలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ ట్రయల్ ఇంజెక్షన్ ఏ వయల్ నుంచి వెళ్లింది అన్నది. యంత్రం కుదురుకుందో లేదో చూడటానికి స్టాండర్డ్ ద్రావణాన్ని ముందుగా ఒకటి రెండుసార్లు ఇంజెక్ట్ చేయడం చాలా చోట్ల పద్ధతిలో రాసి ఉంటుంది, దానిలో దాపరికం లేదు. అసలు బ్యాచ్ శాంపిల్‌నే ‘ట్రయల్’ అని పంపితే మాత్రం సాకు దొరకడం కష్టం.

రెండో ప్రశ్న, ఆ 88.6కు ఓఓఎస్ నంబర్ ఎక్కడైనా ఉందా? మీకు తెలియకుండా వేరే రిజిస్టర్‌లో విచారణ జరిగి ముగిసి ఉండొచ్చు. మీ పనిలో భాగంగా మీరు చూడగలిగే రిజిస్టరే అయితే చూడండి. మూడోది, ఒకటా, పలుసార్లా? ఒక్కసారి జరిగితే గాభరాలో చేసిన పొరపాటు కావచ్చు. మూడు బ్యాచ్‌ల్లోనూ తక్కువ ఫలితం ట్రయల్ ఫోల్డర్‌లో, ఎక్కువ ఫలితం రిపోర్టులో ఉంటే అది అలవాటు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. మీ లాగిన్‌తో, మీ పని కోసం మీరు చూడగలిగేవి మాత్రమే చూడండి. వేరేవాళ్ల పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లడం, తాళం వేసిన బీరువా తెరవడం లాంటివి చేస్తే రేపు విచారణ వాళ్ల మీద కాకుండా మీ మీద జరుగుతుంది. మీరు డిటెక్టివ్ కానక్కర్లేదు. కళ్లబడినదాన్ని, అది తప్పేనని నమ్మడానికి సహేతుకమైన కారణాన్ని, ఎక్కడ చూస్తే నిజం తేలుతుందో దాన్ని చెప్పగలిగితే చాలు. చాలా దేశాల చట్టాలు కూడా ఇంతే అడుగుతాయి: చివరికి మీ మాట రుజువు కావాలని కాదు, చెప్పేటప్పుడు నమ్మడానికి తగిన ఆధారం ఉండాలని.

రెండో అడుగు: విశ్వాసం ఎవరి పట్ల, నష్టం ఎవరికి

మనసు ఎక్కువగా నలిగేది ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు. ‘టీమ్‌కు ద్రోహం చేస్తున్నానా’ అన్న ప్రశ్నకు అలా మొత్తంగా జవాబు దొరకదు, ఎందుకంటే దానిలో మూడు వేర్వేరు బంధాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఆ సెక్షన్ హెడ్ అనే మనిషితో ఉన్నది. రెండోది, తోటి కెమిస్టులతో, కంపెనీతో ఉన్నది. మూడోది, అసలు ఆ ల్యాబ్ ఎందుకు ఉందో ఆ పనితో ఉన్నది. కాగితం మీద ఈ మూడూ విడివిడిగా రాసుకుని, ఒక్కోదాని పక్కన ‘నేను మాట్లాడకపోతే వీళ్లకు ఏమవుతుంది’ అని రాయండి. రాసేసరికి చాలామందికి ఒక సంగతి కనబడుతుంది. మౌనం వల్ల కొన్నాళ్లు లాభపడేది ఒక్క ఆ పెద్దాయనే, ఆయనకు కూడా అది కొన్నాళ్ల లాభమే. అదే గదిలో పనిచేసే మిగతా కెమిస్టులు ఏమీ తెలియకుండానే రిపోర్టుల మీద సంతకాలు పెడుతున్నారు, రేపు తనిఖీ వాళ్లు వచ్చి ఆ ఫోల్డర్ తెరిస్తే ఆయనతో పాటు వాళ్లూ నిలబడాలి. టీమ్ పట్ల విశ్వాసం అంటే టీమ్‌లో పెద్దవాడి పట్ల విశ్వాసం అని మనం ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టామో తెలియదు గానీ, అది తప్పని నా గట్టి నమ్మకం.

తర్వాత నష్టాన్ని తూచాలి. ఇక్కడ భయాన్ని కాదు, వివరాన్ని తూచండి. అది ఏ మందు? విటమిన్ మాత్రలో ఒకటిన్నర శాతం తక్కువైతే ఎవరికీ ప్రాణం మీదికి రాదు. మూర్ఛకు వాడే మందో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందో అయితే మోతాదులో చిన్న తేడాకే ప్రమాదం ఉంటుంది. ఆ బ్యాచ్‌లు గోదాములో ఉన్నాయా, బయటికి వెళ్లిపోయాయా? గోదాములో ఉంటే ఆపడం ఒక్క ఫోన్ పని. 88.6 అన్నది తయారైన రోజు ఫలితమా, నెలల తరబడి నిల్వ ఉంచి చూసే స్టెబిలిటీ పరీక్ష ఫలితమా? స్టెబిలిటీదైతే కథ ఇంకా పెద్దది, ఎందుకంటే గడువు తేదీ లోపే మందు బలం తగ్గిపోతోందని, అప్పటికే జనం వాడుతున్న డబ్బాల్లో కూడా అదే జరుగుతోందని అర్థం. చివరగా, ఆ నష్టం భరించేవాళ్లకు తమంతట తాము తెలుసుకునే దారి ఉందా? మాత్ర చూసి ఎవరూ శాతం చెప్పలేరు. తెలుసుకునే దారి బాధితులకు ఎంత తక్కువగా ఉంటే తెలిసినవాళ్ల మీద భారం అంత ఎక్కువ.

ఇలా చూసుకున్నాక కొన్ని విషయాలు వదిలేయదగినవని కూడా తేలొచ్చు. ఎవరో ఓవర్‌టైమ్ అరగంట ఎక్కువ రాసుకోవడం, లాగ్‌బుక్‌లో ఒక ఎంట్రీ మర్నాడు పూరించడం లాంటివాటికి నేరుగా ఆ మనిషికే ఒక మాట చెబితే సరిపోతుంది. అలాంటివన్నీ కలిపి పెద్ద కంప్లయింట్‌లో కుక్కితే అసలు విషయం బరువు పోతుంది.

మూడో అడుగు: రాసుకోవడం

చూసిన రోజునే రాసుకోండి. తేదీ, సమయం, ఏ యంత్రం, ఏ ఫోల్డర్, బ్యాచ్ నంబర్, రెండు ఫలితాలు, మీరు అక్కడికి ఎందుకు వెళ్లారు, పక్కన ఎవరున్నారు. మీరు చూసింది ఒక చోట, ఊహించింది వేరే చోట రాయండి, రెండూ కలపొద్దు. ‘88.6 ఫలితం ఉంది, ఓఓఎస్ నంబర్ కనబడలేదు’ అన్నది చూసింది. ‘నెలాఖరు డిస్పాచ్ కోసం దాచారు’ అన్నది ఊహ.

ఫైళ్లు మాత్రం ఇంటికి పట్టుకెళ్లకండి. కోపంలో అందరికీ మొదట తట్టేది ఫోన్‌తో స్క్రీన్ ఫొటోలు తీయడం, పర్సనల్ మెయిల్‌కు పంపుకోవడం. కొన్ని చోట్ల పరిమితంగా తీసుకున్న పత్రాలకు చట్టం రక్షణ ఇస్తుంది, కొన్ని చోట్ల కంపెనీ ఆ ఒక్క కారణం చూపించి మిమ్మల్ని తీసేయగలదు. ముందు ఉద్యోగ చట్టం తెలిసిన లాయర్‌ను అడగండి, ఆ తర్వాతే ఏదైనా. అసలు మన ఉదాహరణలో ఫొటోల కన్నా విలువైనది ఆడిట్ ట్రెయిల్. ఎవరు, ఎప్పుడు, ఏ ఇంజెక్షన్ వేశారో, ఏది తుడిచారో సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసుకునే చిట్టా అది, సరిగా అమర్చి ఉంటే మామూలు యూజర్ చెరపలేడు. దానితో పాటు తక్కెడ ప్రింట్, కాలమ్ వాడకం రిజిస్టర్ ఉంటాయి. రిపోర్టులో ఒకే శాంపిల్ తయారీ ఉండి తక్కెడ ప్రింట్లలో రెండు తూకాలు ఉంటే ఇక మాటలు అక్కర్లేదు. మీ నోట్సులో ‘ఫలానా తేదీ ఆడిట్ ట్రెయిల్, ఫలానా తక్కెడ ప్రింట్ చూడండి’ అని దారి చూపిస్తే చాలు.

మీ సంతకం ఉన్న రిపోర్టు సంగతి కూడా ఇప్పుడే, ఈ నోట్సులోనే రాయండి. చెక్ చేసినప్పుడు ఏం చూశారు, ట్రయల్ ఫోల్డర్ తెరవకపోవడానికి కారణం ఏమిటి, ఉన్నది ఉన్నట్టు. దీన్ని దాచి మిగతావి చెబితే విచారణలో మొదట బయటపడేది ఇదే, ఆ క్షణం నుంచి మీరు చెప్పిన నిజాలను కూడా అనుమానంతో చూస్తారు.

నాలుగో అడుగు: ముందు ఆయనతో మాట్లాడాలా?

‘వెనక నుంచి పొడవకుండా ముందు ఆయనకే చెప్పాలి కదా’ అని మనసు లాగుతుంది. అది మంచి మనసే, కానీ ఎప్పుడూ మంచి సలహా కాదు. రెండు విషయాలు చూసుకోండి. నష్టం ఈ వారంలోనే పెరిగేదా? ఆధారం ఆయన చేతిలో ఉందా? రెండింటికీ ‘కాదు’ అని జవాబొస్తేనే ముందు మాట్లాడండి. మన ఉదాహరణలో బ్యాచ్ బయటికి వెళ్లబోతుంటే గానీ, ఆయనకు సాఫ్ట్‌వేర్ అడ్మిన్ హక్కులు ఉంటే గానీ, ముందుగా చెప్పడం అంటే ఆయనకు ఫోల్డర్ ఖాళీ చేసే వ్యవధి ఇవ్వడం. మంచివాళ్లు కూడా భయంలో అలాంటి పని చేస్తారు, అప్పుడు ఒక తప్పు రెండు తప్పులవుతుంది, ఆయనకు జరిగే హాని కూడా రెట్టింపవుతుంది.

మాట్లాడొచ్చు అనిపిస్తే నిందగా కాకుండా ప్రశ్నగా మాట్లాడండి. “సార్, ఈ బ్యాచ్‌కు ట్రయల్‌లో 88.6 ఉంది, దీనికి ఓఓఎస్ వేశామా?” అంతే. ఆగి వినండి. “అరె, వేయలేదా? ఇవాళే వేద్దాం, క్వాలిటీ అష్యూరెన్స్‌కు నేనే చెబుతా” అంటే సమస్య అక్కడే తీరడం మొదలైంది, నిజంగా వేశారో లేదో మాత్రం మర్నాడు చూసుకోండి. “ఇవన్నీ నీకెందుకమ్మా, మిషన్ సరిగ్గా స్టెబిలైజ్ కాలేదు” అంటే అది ఓఓఎస్ విచారణలో రాయాల్సిన కారణమే తప్ప దాచడానికి కారణం కాదు. “నెలాఖరు చూస్తున్నావుగా, అందరం రోడ్డున పడతాం” అంటే ఆయన మీద పైనుంచి ఏదో ఒత్తిడి ఉందని తెలుస్తుంది. అది రాసుకోండి, తర్వాత ఆయనకే పనికొస్తుంది. ‘నువ్వు ఇది చేయకపోతే నేను పైకి చెబుతా’ అని మాత్రం అనకండి. అది బెదిరించినట్టు అవుతుంది.

ఐదో అడుగు: ఎవరికి చెప్పాలి

నియమం ఒకటే. ఆ తప్పులో భాగం లేని, దాన్ని ఆపగలిగే, దగ్గరలో ఉన్న మనిషికి. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ వేరు, క్యూఏ అనే క్వాలిటీ అష్యూరెన్స్ విభాగం వేరు. బ్యాచ్‌ను ఆపే అధికారం క్యూఏ హెడ్‌కు ఉంటుంది, అందుకే మొదటి మెట్టు ఆయనే. ఆయన కూడా ఈ వ్యవహారంలో ఉన్నట్టు అనుమానం ఉంటే కంపెనీలోని ఎథిక్స్ హాట్‌లైన్, లేదా బోర్డులోని ఆడిట్ కమిటీ.

పేరు చెప్పాలా వద్దా అన్నది చాలామందిని పట్టుకునే టెన్షన్. పేరు అసలు ఇవ్వకపోవడం, పేరు ఇచ్చి గోప్యంగా ఉంచమనడం, ఇవి రెండూ వేరు. పేరు లేకుండా రాస్తే మీరు క్షేమం అనిపిస్తుంది, కానీ ఆ ఫోల్డర్ తెరవగలిగేవాళ్లు ఇద్దరే ఉంటే పేరు రాయకపోయినా రాసినట్టే. పైగా విచారణ చేసేవాళ్లకు అడగాల్సిన ప్రశ్న వచ్చినప్పుడు అడిగే దారి ఉండదు, ఫైల్ మూసేస్తారు. ఇంకో చిక్కు ఉంది. రేపు మీ మీద కక్ష సాధిస్తే, మీరే చెప్పారని వాళ్లకు తెలుసు అని మీరు నిరూపించాలి. అజ్ఞాతంగా రాసిన ఉత్తరంతో అది కష్టం. మీ హాట్‌లైన్‌లో పేరు ఇవ్వకుండానే కేసు నంబర్ ద్వారా అటూ ఇటూ మాట్లాడుకునే ఏర్పాటు ఉంటే అది కొంత నయం. నన్నడిగితే, సాక్ష్యం రికార్డుల్లో భద్రంగా ఉండి, సంస్థలో నమ్మదగిన మనిషి ఒక్కరైనా ఉంటే, పేరుతో గోప్యంగా చెప్పడమే మేలు. ఏ దారి ఎంచుకున్నా ఆఫీసు కంప్యూటర్, ఆఫీసు వైఫై మీద ఆ ఉత్తరం డ్రాఫ్ట్ చేయకండి.

ఆరో అడుగు: ఉత్తరం

అమెరికాలో రోజర్ బోయిస్‌జోలీ అనే ఇంజినీర్ ఉండేవారు. స్పేస్ షటిల్ బూస్టర్లు తయారుచేసే మోర్టన్ థియోకోల్ కంపెనీలో ఆయన ఉద్యోగం. బూస్టర్ అతుకుల దగ్గర ఉండే ఓ-రింగులు చలిలో సరిగా పనిచేయడం లేదని గమనించి 1985 జులై 31న కంపెనీ వైస్ ప్రెసిడెంట్‌కు మెమో రాశారు. సమస్య ఏమిటో, పట్టించుకోకపోతే మనుషుల ప్రాణాలు పోయే ప్రమాదం ఉందని, దీని మీద ప్రత్యేకంగా ఒక బృందాన్ని పెట్టాలని అందులో నేరుగా చెప్పారు. ఛాలెంజర్ షటిల్ ప్రయోగానికి ముందు రాత్రి కూడా ఆయనా సహచరులూ వద్దని వాదించారు, మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ గాల్లోకి లేచిన 73 సెకన్లకే ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు. ఆ మెమో ప్రమాదాన్ని ఆపలేకపోయింది. కానీ తర్వాత విచారణ కమిషన్ ముందు ‘మాకు తెలియదు’ అనే మాటకు చోటు లేకుండా చేసింది. నోటితో చెప్పినవి ఎవరి జ్ఞాపకంలో వారికి తగ్గట్టు మారిపోతాయి, తేదీ ఉన్న కాగితం మారదు.

మన ఉదాహరణలో చాలామంది రాసే ఉత్తరం ఇలా ఉంటుంది: ‘మా సెక్షన్‌లో ఎప్పటినుంచో మోసాలు జరుగుతున్నాయి. సెక్షన్ హెడ్ డేటా తారుమారు చేసి జనం ప్రాణాలతో ఆడుకుంటున్నారు. వెంటనే చర్య తీసుకోవాలి.’ ఇందులో ఆవేశం ఉంది, పట్టుకుని చూడగలిగేది ఒక్కటీ లేదు. దీని బదులు ఇలా రాయొచ్చు:

‘ఫలానా తేదీ ఉదయం పాత ఫలితం కోసం వెతుకుతుండగా ఫలానా హెచ్‌పీఎల్‌సీలోని ట్రయల్ ఫోల్డర్‌లో ఫలానా బ్యాచ్ శాంపిల్ ఎస్సే ఫలితం 88.6 చూశాను. అదే రోజు గంటన్నర తర్వాత ఇదే బ్యాచ్‌కు వేరే శాంపిల్ తయారీతో 91.4 ఉంది, రిపోర్టులో ఇదొక్కటే ఉంది. మొదటి ఫలితానికి ఓఓఎస్ నమోదు నాకు కనబడలేదు. మరో రెండు బ్యాచ్‌లలో కూడా ఇలాగే ఉంది, వివరాలు కింద ఇస్తున్నాను. వీటిలో ఒకదానికి చెకర్‌గా సంతకం చేసింది నేనే, అప్పుడు ట్రయల్ ఫోల్డర్ చూడలేదు. ఆ తేదీల ఆడిట్ ట్రెయిల్, తక్కెడ ప్రింట్లు చూస్తే స్పష్టత వస్తుంది. విచారణ ముగిసేదాకా ఈ మూడు బ్యాచ్‌లను ఆపాలని, ఆ డేటా ముందుగా బ్యాకప్ తీయించాలని కోరుతున్నాను. ఇలా ఎందుకు జరిగిందో నాకు తెలియదు. ఆ వారాల్లో సెక్షన్‌లో ఇద్దరు తక్కువగా ఉన్నారు, డిస్పాచ్ ఒత్తిడి ఎక్కువగా ఉంది.’

చివరి రెండు వాక్యాలు గమనించండి. మీకు పని నేర్పిన మనిషి పట్ల మీ విశ్వాసం నిలబడే చోటు అదే. ఆయన్ను కాపాడటానికి నిజం దాచక్కర్లేదు, ఆయన్ను దోషిగా చూపించడానికి ఒక్క మాట కూడా ఎక్కువ రాయక్కర్లేదు. ఒత్తిడి సంగతి కూడా నిజంలో భాగమే, అది రాయకపోతే విచారణ ఒక్క మనిషి దగ్గర ఆగిపోయి, ఆ ఒత్తిడి పెట్టినవాళ్లు అలాగే మిగిలిపోతారు.

ఏడో అడుగు: ఎంతకాలం ఆగాలి, బయటికి ఎప్పుడు వెళ్లాలి

ఉత్తరం ఇచ్చాక అందినట్టు జవాబు తీసుకోండి. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని ఏడు రోజుల్లో తెలపాలి, ఏం చేశారో మూడు నెలల్లోపు చెప్పాలి. మీ దేశంలో ఆ చట్టం లేకపోయినా మీ మనసులో పెట్టుకోవడానికి అది మంచి కొలమానం. ప్రాణాపాయం ఉన్న మందు ఇప్పటికే బయట ఉంటే మాత్రం మూడు నెలల లెక్క పనికిరాదు, బ్యాచ్ ఆపారా లేదా అన్నది రోజుల్లో తెలియాలి.

నిజంగా విచారణ జరుగుతోందా, కంటితుడుపా అన్నది చిన్న గుర్తులతో పట్టుకోవచ్చు. నిజమైన విచారణలో మొదట డేటా భద్రపరుస్తారు, తర్వాత మనుషులను పిలుస్తారు. మీరు చెప్పని బ్యాచ్‌లు కూడా తీసి చూస్తారు. కంటితుడుపులో ముందు అడిగే ప్రశ్న ‘ఇది ఇంకా ఎవరెవరికి చెప్పావు?’ అన్నది. మొదటి సమావేశంలోనే ఈ ప్రశ్న పదే పదే వస్తుంటే బయటి దారి గురించి లాయర్‌తో మాట్లాడటం మొదలుపెట్టండి.

బయట అంటే ముందుగా నియంత్రణ సంస్థ. సోషల్ మీడియా, పత్రికలు ఆఖరి మెట్టు, చాలా చట్టాల్లో అక్కడికి నేరుగా వెళ్తే రక్షణ బాగా తగ్గిపోతుంది. ఒక్కోసారి లోపల చెప్పి ఊరుకోవడమే రక్షణ లేకుండా చేస్తుందన్నది కూడా తెలుసుకోండి. 2018లో అమెరికా సుప్రీంకోర్టు డిజిటల్ రియాల్టీ కేసులో, డాడ్-ఫ్రాంక్ చట్టం కింద కక్షసాధింపు నుంచి రక్షణ కావాలంటే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి చెప్పి ఉండాలని, కంపెనీలో చెబితే సరిపోదని తీర్పిచ్చింది. మీకు వర్తించే చట్టం ఎవరికి చెబితే రక్షిస్తుందో ఉత్తరం ఇచ్చే ముందే తెలుసుకోవాలి అనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

బయటికి వెళ్లాక కాలం ఎలా సాగుతుందో రాన్‌బాక్సీ అనే మందుల కంపెనీ ఉదంతం చూస్తే తెలుస్తుంది. దినేశ్ ఠాకూర్ 2003లో ఆ కంపెనీలో చేరారు. 2004లో పై అధికారి పురమాయింపుతో పరీక్షల డేటా తవ్వి చూస్తే కల్పించిన ఫలితాలు బయటపడ్డాయి, ఆ విషయం బోర్డు సభ్యుల దాకా వెళ్లింది. మార్పు రాలేదు. ఠాకూర్ 2005లో రాజీనామా చేసి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు తెలిపారు. ఆ కంపెనీ అమెరికా విభాగం నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది 2013లో. ఇన్నేళ్లు పడుతుందని తెలిసే దిగాలి. వచ్చే నెలకల్లా తేలిపోతుందనుకుని దిగినవాళ్లు, దానికి తగ్గట్టే డబ్బూ ఓపికా సర్దుకున్నవాళ్లు, మధ్యలో విరిగిపోతారు.

ఎనిమిదో అడుగు: మీ వెనక మీరు చూసుకోవడం

చెప్పిన మర్నాడే ఉద్యోగం తీసేయడం అరుదు. ముందు మీటింగుల మెయిళ్లు రావడం ఆగుతాయి. తర్వాత ఎప్పటిదో ఒక పొరపాటు తవ్వి మెమో ఇస్తారు, వార్షిక రేటింగ్ ఒక్కసారిగా పడిపోతుంది, ‘మీ మంచికే’ అంటూ వేరే విభాగానికి మారుస్తారు. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ కక్షసాధింపులా ఉండదు, తేదీల వారీగా వరసగా పెడితేనే కనబడుతుంది. అందుకే ఉత్తరం ఇవ్వకముందే, మీకు ఇచ్చిన పాత రేటింగ్ పత్రాలు, మెచ్చుకోలు లేఖలు ఒక చోట పెట్టుకోండి. ఇచ్చాక జరిగే ప్రతి మార్పునూ తేదీతో రాయండి. గడువులు మరీ తక్కువ ఉంటాయి: అమెరికాలో సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం కింద కక్షసాధింపు ఫిర్యాదుకు 180 రోజులే, పనిచోట భద్రత గురించి మాట్లాడినందుకు జరిగిన కక్షసాధింపైతే 30 రోజులే. ‘చూద్దాంలే, సర్దుకుంటుందేమో’ అని ఆగితే హక్కు చేజారిపోతుంది. మీ దగ్గర గడువెంతో మొదటి రోజే లాయర్‌ను అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి.

తోటివాళ్ల సంగతి చట్టాల్లో ఉండదు. బోయిస్‌జోలీ కమిషన్ ముందు నిజం చెప్పాక ఆయన్ను సహోద్యోగులు దూరం పెట్టారు, చివరికి ఆ ఉద్యోగమే వదిలేశారు. మీ ల్యాబ్‌లో కూడా భోజనాల బల్ల దగ్గర మాటలు ఆగిపోవచ్చు. అప్పుడు అందరికీ వివరించి ఒప్పించాలని చూడకండి. విచారణ నడుస్తుండగా మీరన్న ప్రతి మాటా అటు చేరుతుంది, పైగా ఆయన పరువు కూడా మీ చేతుల్లో ఉంది. “దాని గురించి నేను మాట్లాడకూడదు” అని ఒక్క మాట చెప్పి పనిలో పడండి. ఇంట్లో ఒకరికి, బయట ఒక లాయర్‌కు మొత్తం తెలిసి ఉండాలి, మోయలేనంత బరువైన రోజు మాట్లాడుకోవడానికి.

విచారణ ముగిసిందని చెప్పినప్పుడు మూడు విషయాలు అడగండి. ఆ మూడు బ్యాచ్‌లు ఏమయ్యాయి? ఇంకా ఎంత వెనక్కి వెళ్లి డేటా చూశారు? ట్రయల్ ఫోల్డర్‌లో శాంపిల్ ఇంజెక్ట్ చేసే వీలు ఇప్పటికీ ఉందా? అన్ని వివరాలూ మీకు చెప్పాల్సిన బాధ్యత వాళ్లకు ఉండకపోవచ్చు, కానీ మూడో ప్రశ్నకు జవాబు మీరే మీ లాగిన్‌తో చూసుకోగలరు. సెక్షన్ హెడ్‌ను మార్చేసి ఫోల్డర్‌ను అలాగే వదిలేస్తే తప్పు తీరలేదు, మనిషి మారాడంతే. అప్పుడు అదే నోట్సుకు కొత్త తేదీ కలిపి తర్వాతి మెట్టుకు వెళ్లాలి.